క్వార్టరు తర్వాత వేసుకున్న మాత్ర

డిప్రెషన్‌కు వైద్యం చేసే మాకు వారంలో ఒక్కసారైనా ఎదురయ్యే ఫిర్యాదు ఒకటుంది. "రెండు నెలలు దాటింది డాక్టరు గారూ, మాత్ర పనిచేయడం లేదు." ఈ మాట విన్న వెంటనే మాత్ర మార్చడం తేలిక. మోతాదు పెంచడం ఇంకా తేలిక. కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: రాత్రి భోజనానికీ మాత్రకూ ముందు గ్లాసులో ఏం పడుతోంది, ఎంత పడుతోంది? ఈ ప్రశ్న అడగని వైద్యులూ ఉన్నారు, అడిగినా నిజం చెప్పని రోగులూ ఉన్నారు. ఆ మౌనం వల్ల ఏం జరుగుతుందో ఈ పూట ఒక మనిషి కథగా చెబుతాను. ఆయన ఫలానా ఒక్కరు కాదు. నేను చూసిన చాలామందిని కలిపి ఒకరిగా చెబుతున్నాను.

ఆయనకు నలభై నాలుగేళ్ళు. రైస్ మిల్లులో గుమాస్తా. అమ్మాయి పెళ్ళికి చేసిన అప్పులు మీద పడ్డాయి, ఆపైన మిల్లు పని తగ్గి జీతం ఆలస్యం కావడం మొదలైంది. నాలుగు నెలలుగా ఆయనకు దేనిమీదా మనసు లేదు. అన్నం సహించదు. లెక్కల్లో తప్పులు. తాను ఎవరికీ పనికిరానన్న ఆలోచన. డాక్టరు దగ్గరకు వెళితే డిప్రెషన్ అని చెప్పి రాత్రిపూట వేసుకోమని ఒక మాత్ర రాశారు. దానిలో రెండు మందులున్నాయి: ఎస్‌సిటలోప్రామ్ పది మిల్లీగ్రాములు, క్లోనజెపామ్ అర మిల్లీగ్రాము. మన దేశంలో ఈ రెండూ కలిపిన మాత్రలు విరివిగా దొరుకుతాయి, విరివిగా రాస్తారు కూడా. ఇక్కడ శ్రోతలు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. వీటిలో మొదటిది డిప్రెషన్‌కు మందు. రెండోది కాదు, అది కంగారును తగ్గించి నిద్ర పట్టించే మందు. చాలామందికి తాము వేసుకునే చిన్న మాత్రలో ఈ రెండోది కూడా ఉందనే తెలియదు. అట్ట మీద రాసి ఉన్నా ఆ అక్షరాలు కంటికి ఆనవు.

ఆయనకు వారంలో మూడు నాలుగు రాత్రులు క్వార్టరు అలవాటు. డాక్టరు "తాగుతారా" అని అడిగితే "అప్పుడప్పుడు" అన్నారు. డాక్టరు "తగ్గించండి" అన్నారు. మాట అక్కడితో ముగిసింది.

ఇప్పుడు అలాంటి ఒక రాత్రి ఆయన శరీరంలో జరిగేది లెక్క వేసి చూద్దాం. క్వార్టరు అంటే నూట ఎనభై మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో దాదాపు నలభై మూడు శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఆ లెక్కన ఒక క్వార్టరులో అరవై గ్రాముల పైచిలుకు ఆల్కహాల్. మనిషి కాలేయం గంటకు సుమారు ఏడెనిమిది గ్రాములు మాత్రమే కరిగించగలదు. నిమ్మరసం తాగినా, చన్నీళ్ళతో స్నానం చేసినా ఆ వేగం పెరగదు. ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పది గంటలకు ముగిస్తే, ఆల్కహాల్ పూర్తిగా దిగేసరికి తెల్లవారుజామున నాలుగు దాటుతుంది. ఆయన పదిన్నరకు మాత్ర వేసుకుంటారు. క్లోనజెపామ్ రక్తంలో పతాక స్థాయికి చేరేది వేసుకున్న గంట నుంచి నాలుగు గంటల లోపు. అర్ధరాత్రి పన్నెండు గంటలకు ఒంట్లో ఇంకా సగానికి పైగా ఆల్కహాల్ ఉంది, క్లోనజెపామ్ కూడా అప్పుడే బలం మీద ఉంది.

ఈ రెండూ మెదడులో తట్టేది ఒకే తలుపును. మెదడు కణాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ఒకటుంది. ఆల్కహాల్ దాని ప్రభావాన్ని పెంచుతుంది, క్లోనజెపామ్ కూడా దానినే పెంచుతుంది. కలిసినప్పుడు నిద్ర మాత్రమే రాదు. గొంతు కండరాలు సడలి గురక పెరుగుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, వాంతి వచ్చినా లేచి కక్కుకునే తెలివి ఉండదు. రాత్రి ఏం మాట్లాడాడో, ఎవరికి ఫోన్ చేశాడో పొద్దున గుర్తుండదు. క్లోనజెపామ్ ప్రభావం తెల్లవారితే పోయేది కూడా కాదు. ఒంట్లో దాని సగం తగ్గడానికే ముప్పై నుంచి నలభై గంటలు పడుతుంది. ఆరింటికి బండి మీద మిల్లుకు బయల్దేరే మనిషి చేతులు, చూపు ఇంకా మందకొడిగానే ఉంటాయి.

తెలంగాణ శ్రోతలకు ఇక్కడే ఒక మాట. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలమ్, డయాజిపామ్ వంటి మత్తు మందులు కలుపుతారన్నది కొత్త సంగతి కాదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి అది దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జనం వణుకుతో, మూర్ఛలతో, పొంతన లేని మాటలతో ఆసుపత్రులకు చేరారు. ఆ మందులు క్లోనజెపామ్ కుటుంబానివే. కాబట్టి "నేను తాగేది కల్లే కదా" అనుకునే మనిషి రాత్రి మాత్ర వేసుకుంటే, ఒకే రకం మందును తెలియకుండా రెండుసార్లు మింగినట్టు.

మరి ఎస్‌సిటలోప్రామ్ సంగతేమిటి? నిజం నిజంగా చెప్పాలి, లేకపోతే మా మాట ఎవరూ నమ్మరు. ఎస్‌సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లుయాక్సెటిన్ వంటి మందులు ఒక పెగ్గు మత్తును పది పెగ్గుల మత్తుగా మార్చవు. పరీక్షల్లో చూస్తే ఆల్కహాల్ మత్తును ఇవి పెద్దగా పెంచినట్టు కనబడలేదు. అందుకే చాలామంది ఒకసారి తాగి చూస్తారు, ఏమీ కాదు, ఇక భయం పోతుంది. అసలు నష్టం ఆ రాత్రి కనబడేది కాదు, వారాల మీద పేరుకునేది. అయితే డిప్రెషన్ మందులన్నీ ఒకటి కావు. అమిట్రిప్టిలిన్ అనే పాత మందు ఉంది. దాన్ని డిప్రెషన్‌కే కాదు, తలనొప్పికి, నడుమునొప్పికి, షుగరు వల్ల వచ్చే కాళ్ళ మంటలకూ రాస్తారు. చాలామందికి అది ఆ కోవ మందని తెలియదు. తాగి ఉన్నప్పుడు కాలేయం దాన్ని సరిగా అదుపు చేయలేదు, రక్తంలో దాని స్థాయి పెరుగుతుంది. మత్తు ముదురుతుంది, మోతాదు మించితే గుండె లయ దెబ్బతింటుంది. నిద్ర కోసం ఇచ్చే మిర్టజపిన్‌తోనూ మత్తు ఇలాగే మీద పడుతుంది. ఈ రెండింటి విషయంలో "కొంచెమైతే ఏమవుతుంది" అన్న మాటకు తావు లేదు.

మన గుమాస్తా గారి దగ్గరకు తిరిగి వద్దాం. తెల్లవారుజామున మూడున్నరకు ఆయనకు ఠక్కున మెలకువ వస్తుంది. చెమట, గుండె దడ, కడుపులో తెలియని భయం. అప్పు ఇచ్చిన వాళ్ళ ముఖాలు వరసగా గుర్తుకొస్తాయి. ఇక నిద్ర పట్టదు. పొద్దున్నే భార్యతో "నా జబ్బు ముదిరింది" అంటారు. అక్కడ జరిగింది ఏమిటంటే, ఆల్కహాల్ మెదడును గంటల తరబడి అణచి ఉంచితే, మెదడు దానికి ఎదురుగా తన ఉత్తేజాన్ని పెంచుకుంటుంది. తలుపును ఇవతలి నుంచి ఒకరు తోస్తుంటే అవతలి నుంచి ఇంకొకరు బలంగా ఆనుకున్నట్టు. ఇవతలి మనిషి తప్పుకోగానే అవతలివాడు ముందుకు తూలిపడతాడు. ఆల్కహాల్ దిగిపోయే వేళకు మెదడు అలా తూలుతుంది. మెలకువ, దడ, భయం దాని ఫలితం. కలలు వచ్చే నిద్ర రాత్రి మొదటి భాగంలో అణగిపోయి, రెండో భాగంలో పీడకలలతో ముక్కలుముక్కలుగా విరుచుకుపడుతుంది.

ఇందులో ఒక పెద్ద మోసం ఉంది. డిప్రెషన్ లక్షణాల్లో కూడా తెల్లవారుజామున మెలకువ రావడం, పొద్దున పూట దిగులు ఎక్కువగా ఉండడం ముఖ్యమైనవి. అంటే తాగుడు తెచ్చిన లక్షణం, జబ్బు లక్షణం ఒకే ముఖం పెట్టుకుని ఒకే వేళకు వస్తాయి. రోగికి తేడా తెలియదు. తాగుడు సంగతి తెలియని డాక్టరుకూ తెలియదు. "ఇంకా నిద్ర పట్టడం లేదా" అని ఎస్‌సిటలోప్రామ్‌ను ఇరవై మిల్లీగ్రాములకు పెంచుతారు, క్లోనజెపామ్‌ను రెట్టింపు చేస్తారు. మన గుమాస్తా గారికీ అదే జరిగింది. పెరిగిన క్లోనజెపామ్ మీద ఆయన మళ్ళీ క్వార్టరు తాగారు. నిద్ర పట్టడానికే తాగుతున్నానని తనకు తాను నచ్చచెప్పుకున్నారు. జబ్బు అంటే నిద్ర లేకపోవడమనీ, నిద్ర అంటే మత్తనీ ఆయనకు స్థిరపడిపోయింది.

డిప్రెషన్ మాత్ర పనితీరు నిద్రమాత్ర లాంటిది కాదు. మొదటి మార్పు కనబడడానికి రెండు మూడు వారాలు, సరైన మేలు తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ కాలమంతా మెదడుకు కావాల్సింది రోజూ ఒకే మోతాదు, కుదురైన నిద్ర. వారంలో మూడు నాలుగు రాత్రులు ఆల్కహాల్ ఆ నిద్రను ముక్కలు చేస్తే, మాత్ర నెమ్మదిగా కట్టుకొస్తున్నదంతా ఎప్పటికప్పుడు కూలుతూ ఉంటుంది. మనిషి ఎనిమిది వారాలు మాత్ర వాడానని లెక్క చెబుతాడు. మెదడుకు ఎనిమిది వారాల వైద్యం అందనే లేదు.

ఇక అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. తాగే రోజు మాత్ర మానేయడం. "రెండూ కలపకూడదన్నారు కదా" అని జాగ్రత్తగా మానేస్తారు. పొద్దున మాత్ర వేసుకుని రాత్రి తాగితే పన్నెండు గంటల దూరం ఉంటుంది కదా అని ఇంకొందరు లెక్క కడతారు. రెండు లెక్కలూ తప్పే. ఎస్‌సిటలోప్రామ్ ఒంట్లో సగం తగ్గడానికి ముప్పై గంటల దాకా పడుతుంది. రోజూ వాడే మనిషి ఒక్క రోజు మానినా సగానికి పైగా మందు ఇంకా లోపలే ఉంటుంది. ఫ్లుయాక్సెటిన్ అయితే వారాల పాటు ఉంటుంది. అంటే మాత్ర మానినంత మాత్రాన కలవకుండా ఉండవు. పైగా శని, ఆది, పండగ, పెళ్ళి అని తరచుగా మానుతుంటే మందు స్థాయి ఎగుడుదిగుడు అవుతుంది. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటి త్వరగా దిగిపోయే మందులైతే తల తిరగడం, చిరాకు, ఏడుపు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం రెండు మూడు రోజుల్లోనే మొదలవుతాయి. వాటిని కూడా జబ్బు తిరగబెట్టిందనే అనుకుంటారు. కాబట్టి నా మాట స్పష్టంగా వినండి: మానాల్సింది గ్లాసు. ఒకవేళ పొరపాటున తాగినా, తెల్లవారి నుంచి డిప్రెషన్ మాత్ర రోజువారీ వేళకే కొనసాగించాలి. ఆ రాత్రి మాత్రం నిద్రకు, కంగారుకు ఇచ్చిన మత్తు మందు తాగిన మనిషికి ఇవ్వకూడదు. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఏం చేయాలో ముందే మీ డాక్టరును అడిగి తెలుసుకుని ఉంచుకోండి.

గుమాస్తా గారి సంగతి బయటపడింది ఆయన భార్య వల్ల. మూడోసారి వచ్చినప్పుడు ఆమె సంకోచిస్తూనే, "పగలు బాగానే ఉంటారండి, తాగిన రాత్రే చనిపోతానంటారు" అని చెప్పింది. ఈ ఒక్క మాటతో వైద్యం దారి మారింది. ఆత్మహత్య ఆలోచన ఉన్న మనిషిని చాలాసార్లు ఆపేది చివరి క్షణంలో వచ్చే తటపటాయింపు. పిల్లలు గుర్తుకురావడం, రేపు చూద్దాంలే అనుకోవడం. ఆల్కహాల్ ఆ తటపటాయింపునే తీసేస్తుంది. దిగులును పెంచుతూ, అడ్డును తొలగిస్తుంది. ఇంట్లో డిప్రెషన్ మనిషి తాగి ఉన్న రాత్రి చావు మాట ఎత్తితే "తాగిన మాటలే" అని కొట్టిపారేయకండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, మాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి.

ఆమె మాట విన్న తర్వాత డాక్టరు ఆయనను తాగుడు గురించి మళ్ళీ అడిగారు. ఈసారి "అప్పుడప్పుడు" కాదు: వారానికి ఎన్ని రోజులు, ఏ రకం, ఎంత సీసా, పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా, తాగకపోతే చెమటలు పడతాయా. అప్పటికి రోజూ క్వార్టరు దాటుతోందని తేలింది. పొద్దున వణుకు కూడా ఉంది. ఇలాంటి మనిషికి "రేపటి నుంచి మానెయ్" అని చెప్పి పంపడం ప్రమాదం. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే, మొదటి ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు మూర్ఛలు రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడడం, తేదీ, మనుషులు తెలియకపోవడం, జ్వరం, ఒళ్ళంతా వణుకు రావచ్చు. అది ప్రాణాలు తీయగల స్థితి. అందుకని ఆయనను వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి, వణుకుకు మందులు ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తూ, థయామిన్ అనే బి విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఎస్‌సిటలోప్రామ్ ఆపలేదు, పది మిల్లీగ్రాములకు తగ్గించి కొనసాగించారు. క్లోనజెపామ్‌ను తర్వాత కొన్ని వారాల మీద మెల్లగా తీసేశారు.

మొదటి వారం ఆయన పరిస్థితి మెరుగుపడలేదు. నిద్ర ఇంకా చెడింది, చిరాకు పెరిగింది. ఈ వారంలోనే చాలామంది "తాగుతున్నప్పుడే నయం" అని వెనక్కి వెళతారు. ఇంట్లోవాళ్ళకు ఇది ముందే చెప్పి ఉంచాలి. మూడో వారానికి తెల్లవారుజాము దడ పోయింది. నాలుగో వారానికి నిద్ర ఐదు గంటలు, తర్వాత ఆరు గంటలు. దిగులు సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. అప్పులు అలాగే ఉన్నాయి, జీతం అలాగే ఉంది. కానీ వాటి గురించి ఆలోచించగల మనిషి తిరిగి వచ్చాడు. మాత్ర పనిచేస్తోందో లేదో చెప్పగల రోజు ఆయనకు నిజంగా అప్పుడే వచ్చింది.

తాగుడు ఆపిన నెలలోనే దిగులు ఇంతగా తగ్గడం అదృష్టం కాదు. అమెరికాలోని శాన్ డియాగోలో శాండ్రా బ్రౌన్, మార్క్ షుకిట్ అనే ఇద్దరు పరిశోధకులు 1988లో ప్రచురించిన అధ్యయనం ఉంది. తాగుడుకు చికిత్స కోసం చేరిన మగవాళ్ళను వాళ్ళు వారం వారం పరీక్షించారు. చేరినప్పుడు వందకు నలభై రెండు మందిలో తీవ్రమైన దిగులు కనిపించింది. నాలుగు వారాలు తాగకుండా ఉన్న తర్వాత అంత దిగులు మిగిలింది వందకు ఆరుగురిలోనే. దీని అర్థం డిప్రెషన్ మాత్రలు అక్కర్లేదని కాదు. అప్పటికే డిప్రెషన్ ఉన్న మనిషికి మాత్ర కావాలి, గుమాస్తా గారికి కావాల్సి వచ్చింది. కానీ ఎంత దిగులు జబ్బుది, ఎంత దిగులు తాగుడుది అన్నది గ్లాసు పక్కన పెట్టి మూడు నాలుగు వారాలు గడిస్తే తప్ప ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా తేలదు.

చాలామంది సిగ్గుపడుతూ అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. "జీవితంలో ఇక ఎప్పుడూ ఒక్క చుక్క కూడా కూడదా?" మాత్ర మొదలుపెట్టిన తొలి ఆరు, ఎనిమిది వారాల్లో అసలు వద్దు. క్లోనజెపామ్, అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్ వాడుతున్నంత కాలం వద్దు. తాగుడు అలవాటుగా మారినవాళ్ళకు, తాగిన రాత్రి చావు ఆలోచన వచ్చినవాళ్ళకు ఎప్పటికీ వద్దు. వీటిలో ఏదీ కాక, జబ్బు పూర్తిగా నయమై నెలలు గడిచినవాళ్ళు డాక్టరుతో దాచకుండా మాట్లాడి తేల్చుకోవాలి. తాగే ఉద్దేశంతో మాత్రలు మీ అంతట మీరు ఆపేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ సరికాదు. నయమయ్యాక కూడా సాధారణంగా ఆరు నెలలకు తక్కువ కాకుండా వాడాల్సిన మందులవి.

ఆపద గుర్తులు కూడా చెప్పి ముగిస్తాను. తాగి మాత్ర వేసుకున్న మనిషిని గట్టిగా పిలిచినా, గిల్లినా లేవకపోతే, గురక మధ్య మధ్య ఆగి ఊపిరి నిలుస్తున్నట్టుంటే, పెదవులు నీలంగా మారితే "మత్తు దిగితే లేస్తాడు" అని వదిలేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్ళు గానీ కాఫీ గానీ పోయకండి, వాంతి చేయించకండి, 108కి ఫోన్ చేయండి. ఏయే మాత్రలు, ఎన్ని, ఎంత తాగాడు అన్నది ఆసుపత్రిలో దాచకుండా చెప్పండి, ఖాళీ అట్టలు వెంట తీసుకువెళ్ళండి. మానసిక సలహా కోసం టెలి మానస్ నంబరు 14416 ఉంది. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈసారి డాక్టరు "తాగుతారా" అని అడిగినప్పుడు దయచేసి "అప్పుడప్పుడు" అనకండి. వారానికి ఎన్ని రోజులో, రోజుకు ఎంతో అంకెల్లో చెప్పండి. ఆయన అడగడం మరిచిపోతే మీరే చెప్పండి.